కళ్ళం మీద కెమెరాలు

"అమ్మా సాహిత్యా, మీ బొమ్మ ఆగిపోయింది. మీ మాట కూడా ముక్కలు ముక్కలుగా వస్తోంది. వినపడుతోందా?"

సాహిత్యకు ఆవిడ మాట స్పష్టంగానే వినపడుతోంది. ఫోను తెరలో ఆవిడ కళ్ళజోడు, వెనక గోడ మీది గడియారం కూడా కనపడుతున్నాయి. అటునుంచి ఇటు వచ్చేదంతా వస్తోంది. ఇటునుంచి పోవలసిందే పోవడం లేదు. "వినపడుతోందండీ" అని సాహిత్య రెండుసార్లు అంది. ఆ మాట ఎక్కడ చిక్కుకుందో, ఆవిడ మాత్రం పక్కనున్నాయన వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. కాసేపటికి తెర మూసుకుపోయింది.

విశాఖపట్నంలో ఒక ట్రస్టు వాళ్ళ కాలేజీ అది. సీటూ హాస్టలూ వాళ్ళే ఇస్తారు. మార్కులు చూసి కొందరిని ఎంచి, ఇలా వీడియోలో మాట్లాడించి, అందులో మళ్ళీ కొందరిని తీసుకుంటారు. ఈ పిలుపు కోసం ఇంట్లో అందరూ ఎదురుచూశారు.

నిజం చెప్పాలంటే తెర మూసుకుపోగానే సాహిత్యకు మొదట వచ్చింది ఏడుపు కాదు, ఊపిరి. నెట్టు ఆగకముందే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నకు సాహిత్య నోరు పెగల్లేదు. "మీ ఊరి గురించి చెప్పమ్మా" అంటే ఊరంతా మర్చిపోయింది. ఆ తర్వాతే బొమ్మ ఆగింది. ఇప్పుడు ఇంట్లో ఏమైందని అడిగితే చెప్పడానికి ఒక మాట దొరికింది.

"నెట్టు పోయింది నాన్నా" అంది.

తిరుపతిరావు సోంపేట సంతనుంచి అప్పుడే వచ్చి చెప్పులు విప్పుతున్నాడు. ఆ చెప్పులు అలాగే మళ్ళీ తొడుక్కున్నాడు.

"మళ్ళీనా? ఆ కేబులోడిని నిన్ననే కదా పిలిసేను! వచ్చి సూసి అంతా బాగున్నాదన్నాడు."

కేబులతను చెప్పింది అబద్ధం కాదు. అతను వచ్చింది పొద్దుపోయాక. ఆ వేళకు నెట్టు ఎప్పుడూ బాగానే ఉంటుంది. పగలే వస్తుంది చిక్కంతా. పొద్దున్న ఆడవాళ్ళు జీడిపిక్కల పనికి దిగినప్పటినుంచీ మొదలై, సాయంత్రం వాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళేదాకా. ఇంటివెనక కళ్ళంలో పిక్కలు ఆరబోస్తారు. పక్కనే రేకుల షెడ్డులో బల్లల మీద పప్పు పొట్టు తీస్తారు. జీడి కాలం వచ్చిందంటే ఆ షెడ్డు నిండా ఆడవాళ్ళే.

ఆ రోజు భోజనాల దగ్గర తిరుపతిరావు తమ్ముడు లోకేష్‌కి ఫోను చేసి స్పీకరు పెట్టాడు. లోకేష్ విశాఖపట్నంలో ఉంటాడు. కళ్ళంలో పిక్కలు తగ్గుతున్నాయని అన్న అనుమానపడితే, పలాస తీసుకెళ్ళి కెమెరాలు కొనిపించింది అతనే.

"పగలే ఎందుకు పోతందన్నయ్యా? పనోళ్ళొచ్చినప్పుడే ఎందుకు పోతంది? నువ్వే ఆలోసించు. ఎవరో మన వైఫై వాడతన్నారు. పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"మాకు తప్ప ఎవడికి తెలుసు?" అన్నాడు తిరుపతిరావు.

సాహిత్య చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది.

రజని పదో తరగతి దాకా సాహిత్య పక్క బెంచీలో కూర్చున్న పిల్ల. తర్వాత వాళ్ళమ్మ నూకమ్మతో పాటు షెడ్డుకు వచ్చి పొట్టు తీస్తోంది. ఓపెన్ ఇంటర్ కట్టింది. భోజనాల వేళ పాఠాల వీడియోలు దించుకుని, రాత్రి ఇంటి దగ్గర చూసుకుంటానంటే సాహిత్యే ఆమె ఫోను తీసుకుని పాస్‌వర్డ్ కొట్టింది. నాన్నకు చెప్పలేదు. చెప్పవలసినంత పెద్ద విషయమని తోచనూ లేదు.

ఇప్పుడు తోచింది. కానీ నోరు తెరవలేదు. రేపు చెబుదాంలే అనుకుంది. అన్నం ముద్దను నోట్లో పెట్టుకుంది.

మర్నాడు చెప్పే వ్యవధి లేకపోయింది. భోజనాల వేళ తిరుపతిరావు నేరుగా షెడ్డులోకి వెళ్ళాడు. ఆడవాళ్ళు కేరేజీలు విప్పుకుని కూర్చున్నారు. రజని ఒక్కతే గోడవారగా ఫోను పట్టుకుని ఉంది. తిరుపతిరావు చెయ్యి చాచాడు. ఆమె ఇచ్చింది. తెర పైన వైఫై గుర్తు వెలుగుతోంది.

"ఇది మా ఇంటిది కాదా?"

"అవునండి" అంది రజని.

"పాస్‌వర్డ్ ఎవరు సెప్పేరు నీకు?"

సాహిత్య పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. రజని తలెత్తి ఆమెను ఒకసారి చూసింది. చూపు తిప్పుకుంది. సాహిత్య తలుపు చెక్కకు ఆనుకుంది. ఇప్పుడు నేను చెప్పాలి అనుకుంది. కాలు ఒక్క అడుగు ముందుకు పడలేదు.

"నాకే తెలిసినాదండి" అంది రజని.

"నీకే తెలిసిపోనాదా? కలలోకొచ్చి సెప్పినాదా? మా పిల్ల సీటు పోయే గతి పట్టింది నీ సినిమాల మూలంగా!"

"సినిమాలు కాదండి, పాఠాలు."

"ఎదురు మాటొకటి!"

నూకమ్మ కేరేజీ పక్కన పెట్టి లేచింది. "బాబూ, సిన్నగుంట. తెలీక సేసింది. ఇంక ముట్టుకోదు."

"ముట్టుకోకుండా నేనే సూత్తాను. రేపటినుంచి ఇది రానక్కర్లేదు. మిగిలినోళ్ళు రాగానే ఫోన్లు ఈ బుట్టలో ఎయ్యండి. ఎల్లేటప్పుడు తీసుకోండి."

ఒక్కొక్కరూ లేచి ఫోను బుట్టలో వేశారు. అందులో సగం బొత్తాల ఫోన్లు, వాటికి నెట్టంటే ఏమిటో కూడా తెలియదు. రజని జీడిసొన పట్టి నల్లబడిన వేళ్ళు కొంగుకు తుడుచుకుని, ఫోను అందుకుని, గేటు దాటి వెళ్ళిపోయింది. తన కేరేజీకి మూత కూడా పెట్టలేదు. నూకమ్మ దాన్ని మూసి, మళ్ళీ బల్ల దగ్గర కూర్చుంది. కూతురు వెంట వెళితే ఇద్దరి పనీ పోతుంది.

ఆ సాయంత్రం లోకేష్ పాస్‌వర్డ్ మార్పించాడు. ట్రస్టువాళ్ళు మంచివాళ్ళు, నెట్టు బాగాలేదని రాస్తే మళ్ళీ ఒక అవకాశం ఇస్తామన్నారు. వచ్చే వారం అన్నారు.

"సూసేవా, ఎంత సులువుగా తీరిపోనాదో" అన్నాడు తిరుపతిరావు కూతురితో. సాహిత్య తల ఊపింది. ఆ రాత్రి డైరీ తెరిచి తేదీ రాసింది. తర్వాత ఏమీ రాయలేకపోయింది.

కానీ తీరలేదు. పాస్‌వర్డ్ మారింది, ఫోన్లు బుట్టలో ఉన్నాయి, అయినా పగలు నెట్టు అలాగే ఏడుస్తోంది. పాట తెరిస్తే వస్తుంది, ఇటునుంచి ఒక ఫోటో పంపితే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. తిరుపతిరావు ఇప్పుడు కేబులతని మీద పడ్డాడు. తల్లి సుధారాణి రూటరుకు పసుపూ కుంకుమా పెట్టడం ఒక్కటే తక్కువ అంది. ఎవరూ రజని పేరు ఎత్తలేదు. సాహిత్య కూడా.

ఆదివారం షెడ్డుకు సెలవు. పొద్దున్నుంచీ సముద్రం వైపునుంచి గాలి విరగబడి వీస్తోంది. కొబ్బరి మట్టలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. అమ్మానాన్నా మందసలో పెళ్ళికి వెళ్ళారు. బయటికి వెళ్ళినా కళ్ళం కనపడాలని తిరుపతిరావు ఫోను వెంట పట్టుకెళ్ళాడు. ఇంట్లో సాహిత్య ఒక్కతే. బాబాయితో వీడియోలో మాట్లాడడం అలవాటు చేసుకుందామని ఫోను చేసింది.

"మీ ఊరి గురించి సెప్పమ్మా" అన్నాడు లోకేష్ ఆ కాలేజీ మేడంలా గొంతు సవరించుకుని.

సాహిత్య నవ్వి, ఈసారి నిజంగానే చెప్పడం మొదలుపెట్టింది. జీడి పూత గురించి, ఉప్పుగాలి గురించి చెబుతోంది.

"ఓలే, ఆగిపోనావు. నోరు తెరిసి నిలబడిపోనావు. ఫోటో తీసి పంపమంటావా?"

నెట్టు పోయింది.

సాహిత్య కిటికీలోంచి పెరట్లోకి చూసింది. షెడ్డు తాళం వేసి ఉంది. కళ్ళంలో మనిషన్నవాడు లేడు. ఏ ఫోనూ లేదు. పాస్‌వర్డ్ ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. అయినా పోయింది.

ఇక నెట్టు మీద ఆ పెరట్లో ఉన్నవి కెమెరాలే.

కెమెరాల యాప్ అమ్మ ఫోనులో కూడా ఉంది, అమ్మ దాన్ని ఇంట్లోనే మర్చిపోయింది. సాహిత్య తెరిచింది. ఏదైనా కదిలితే కెమెరా ఆ ముక్కను రికార్డు చేసి, ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ కంప్యూటర్లకు పంపుతుంది. దాన్నే క్లౌడ్ అంటాడు బాబాయి. ఆ రోజు ముక్కల వరుస వేలితో తోస్తుంటే తరగడం లేదు. కొబ్బరి మట్ట. కొబ్బరి మట్ట. పిక్కల మీద కప్పిన పరదా ఎగిరింది. కాకి. మళ్ళీ కొబ్బరి మట్ట. ప్రహరీ కెమెరా, గేటు కెమెరా, కళ్ళం కెమెరా, షెడ్డు కెమెరా, అన్నీ అదే పని. దొంగ ఒక్కడూ లేడు. గాలిని పట్టుకుని, మంచి నాణ్యమైన బొమ్మగా చేసి, పొద్దున్నుంచీ పైకి పంపుతూనే ఉన్నాయి.

ఆమె తన ఫోనులో నెట్టు వేగం కొలిచింది. వచ్చే వేగం బాగానే ఉంది. పోయే వేగం సున్నా దగ్గర కొట్టుకుంటోంది. కేబులతను లైను ఇచ్చినప్పుడే చెప్పాడు, వచ్చేదారి పెద్దదమ్మా, పోయేదారి చిన్నది, ఇళ్ళకి అలాగే ఇస్తాం అని. ఎవరూ పట్టించుకోలేదు. పాటలూ సీరియళ్ళూ వచ్చే దారినే వస్తాయి కదా. గేటంత వెడల్పున్న దారిలోంచి లోపలికి అన్నీ వస్తున్నాయి, బయటికి పోవడానికి మాత్రం పెరటి గుమ్మం ఒక్కటే ఉంది. ఆ గుమ్మంలో కెమెరాలన్నీ బస్తాలెత్తుకుని ఒకేసారి దూరుతున్నాయి. వాటి వెనక తన గొంతు నిలబడిపోయింది.

పనివాళ్ళు వచ్చినప్పుడే నెట్టు పోవడం నిజమే. వాళ్ళు కదులుతారు కాబట్టి. పిక్కలు తిరగబోస్తారు, బుట్టలు మోస్తారు, లేస్తారు, కూర్చుంటారు. వాళ్ళు ఫోను ముట్టుకోనక్కర్లేదు. పనిచేస్తే చాలు. రజని పాఠాలు దించుకున్నది పెద్దదారిలోంచి. పోయేదారిని ఆమె అడ్డుకున్నదే లేదు.

సాహిత్య మెట్ల కింది పెట్టెలో కెమెరాల ప్లగ్గులు ఒక్కొక్కటే తీసింది. ఒక్కొక్కటి తీసి వేగం కొలిచింది. కొలిచినప్పుడల్లా పోయే వేగం పెరిగింది. ఆఖరిది తీసేసరికి ఫోను మోగింది. టెక్కలి నుంచి కళావతి అత్త, నాన్న అక్క.

"ఏటే, మీ కళ్ళం నల్లగా అయిపోనాది? కరెంటు పోనాదా?"

"నువ్వు చూస్తున్నావా అత్తా?"

"సూడనా మరి! పొద్దున్న పొయ్యి ముట్టించినప్పుడు పెడితే మళ్ళీ పొద్దుగూకే దాకా నా ఫోనులో మీ కళ్ళమే. గూట్లో నిలబెట్టి ఉంచుతాను. నేను సూడకపోతే మా తమ్ముడి పిక్కలు ఎవరు సూత్తారు?"

సాహిత్యకు నవ్వు రావలసింది. అత్త గూట్లో కళ్ళం కనపడాలంటే ఆ బొమ్మ కూడా ఈ చిన్నగుమ్మంలోంచే ఆగకుండా పోవాలి. నాన్న పెళ్ళిలో కూర్చుని చూస్తే ఇంకొకటి. బాబాయి ఆఫీసులోంచి చూస్తే మరొకటి.

"మొన్న ఆ గుంటని మీ నాన్న కడిగేత్తన్నప్పుడు కూడా సూసేను. అంతా కనబడింది. పాపం, మొకం ఎలా పెట్టుకున్నాదో. నువ్వేటే, గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటన్నావు? మీ నాన్నంటే అంత బయ్యమా?"

సాహిత్య ఫోను పెట్టేసింది. అత్త ఇంకా మాట్లాడుతూనే ఉన్నట్టుంది.

తర్వాత అమ్మ ఫోనులో ఆ రోజుకు వెనక్కి వెళ్ళింది. ఆ ముక్క ఉంది. మాట లేదు, బొమ్మ మాత్రమే. నాన్న చెయ్యి చాచడం, రజని ఫోను ఇవ్వడం. మూలగా, దూరంగా, ఇంటి పెరటి గుమ్మంలో ఒక పిల్ల. రజని తలెత్తి ఆ పిల్లను చూసింది. ఆ పిల్ల వేలి గోరు కొరుకుతూ నేల చూసింది. సాహిత్య తనను తాను బయటినుంచి ఎప్పుడూ అలా చూసుకోలేదు. తెర ఆపేసినా ఆ తల వంచడం కళ్ళముందునుంచి పోలేదు. ఎవరూ లేని ఇంట్లో మొహం చేతులతో కప్పుకుంది.

సాయంత్రం నాన్న రాగానే, చెప్పులు విప్పకముందే చెప్పేసింది. ఆలస్యం చేస్తే మళ్ళీ చెప్పలేనని భయం. కెమెరాల సంగతి ముందు చెప్పింది. ప్లగ్గులు పెట్టి చూపించింది, తీసి చూపించింది. తిరుపతిరావు మొదట నమ్మలేదు, తర్వాత నమ్మాడు, తర్వాత లోకేష్‌ని తిట్టాడు.

"పాస్‌వర్డ్ రజనికి నేనే ఇచ్చాను నాన్నా" అంది ఆఖర్న.

తిరుపతిరావు చెప్పులు విప్పాడు. మంచం మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఆరోజు సెప్పొచ్చు కదా."

"భయమేసింది."

"నన్ను ఎదవని సేసేవు, కాదా?" అతని గొంతులో కోపం కన్నా ఇంకేదో ఉంది. "సరేలే. రేపు నూకమ్మతో పిల్లని రమ్మని సెప్తాను. ఇంకేటి మాటాడకు. అందరి ముందూ తప్పయిపోనాదని సెప్తే రేపు మన మాట ఎవరు వింటారు?"

అతను లోపలికి వెళ్ళాక సాహిత్య చెప్పులేసుకుంది.

నూకమ్మ ఇల్లు తోటల చివర. రజని అరుగు మీద బట్టలు మడతపెడుతోంది. సాహిత్యను చూసి లేవలేదు. సాహిత్య నిలబడే అంతా చెప్పింది. కెమెరాలు, గాలి, కొబ్బరి మట్టలు. పోయేదారి, వచ్చేదారి. తప్పు నాదే అంది.

"ఇదంతా నాకెందుకు సెప్తన్నావు?" అంది రజని. "నేను దొంగతనం సెయ్యలేదని నాకు తెలుసు. నువ్వే ఇచ్చేవనీ తెలుసు."

"మరి ఆరోజు నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు సెప్తావని సూసేను."

రజని ఇంకో బట్ట తీసి మడతపెట్టింది.

"సెప్పాలనుంటే అక్కడ సెప్పు. షెడ్డులో. మా అమ్మ పక్కన కూకున్నోళ్ళు ఇప్పటికీ కొంగు ముడి సరిసూసుకుంటన్నారంట, నూకమ్మ కూతురు సెయ్యి మంచిది కాదని. నాకు కాదు సెప్పాల్సింది." రజని మడతపెట్టిన బట్టలెత్తుకుని లోపలికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు, రమ్మనీ అనలేదు.

సోమవారం పొద్దున్న ఆడవాళ్ళు వచ్చి, అలవాటుగా ఫోన్లు బుట్టలో వేసి, బల్లల ముందు సర్దుకున్నారు. సాహిత్య షెడ్డులోకి వెళ్ళి మధ్యలో నిలబడింది. ఏదో అంది. ఎవరికీ వినపడలేదు.

"ఏటి పాపా, గట్టిగా సెప్పు. నాకు ఒక సెవి పని సెయ్యదు" అంది ఉషారాణి అనే పెద్దావిడ. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

సాహిత్య కళ్ళు మూసుకుంది. "రజనికి పాస్‌వర్డ్ నేనే ఇచ్చాను. నెట్టు పోయింది రజని వల్ల కాదు. మీ ఎవరి వల్లా కాదు. మా కెమెరాల వల్ల. నాన్న అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఉండి చెప్పలేదు."

నవ్వు ఆగిపోయింది. నూకమ్మ చేతిలో పప్పు అలాగే ఉంది. తిరుపతిరావు అప్పుడే గుమ్మంలోకి వచ్చి కూతురి మాటలు విన్నాడు. మధ్యలో అడ్డుపడదామని నోరు తెరిచి, మూశాడు.

"కెమెరాల వల్ల అంటే ఎలాగ?" అంది ఉషారాణి.

"మీరు కదిలితే అది తీసి పైకి పంపుతుంది. అలా పంపీ పంపీ దారి నిండిపోతుంది. బయట ఊళ్ళలో ఎవరైనా చూస్తుంటే ఇంకా నిండిపోతుంది."

"బయట ఊళ్ళలో ఎవరు సూత్తారు మమ్మల్ని?"

సాహిత్య నాన్న వైపు చూసింది. అతను రేకుల వైపు చూస్తున్నాడు.

"టెక్కలిలో మా అత్త. విశాఖపట్నంలో బాబాయి" అంది.

దొంగల కోసం పెట్టిందని మాత్రమే వాళ్ళకు తెలుసు. ఇక్కడే, తిరుపతిబాబు ఒక్కడే చూస్తాడనుకున్నారు. ఉక్కకు రవిక గుండీ వదులు చేసుకున్న వాళ్ళున్నారు. చంటిపిల్లకు పాలిచ్చుకున్నది ఒకామె. ఆమె తల పైకెత్తి, దూలానికున్న కెమెరాను చూసి, మెల్లగా పైట భుజం నిండా కప్పుకుంది. ఆమెను చూసి మరొకామె. సాహిత్యకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. ఒక తప్పు ఒప్పుకోవడానికి వచ్చి, ఇంకొకటి తవ్వి బయట పడేసింది.

"అది తీసెయ్యండి బాబూ" అంది నూకమ్మ. ఆ రోజు కూతురి కోసం బతిమాలిన గొంతు కాదు. "పిక్కల మీద పెట్టుకోండి, గేటు మీద పెట్టుకోండి. మా నెత్తి మీద వద్దు."

తిరుపతిరావు ఏదో అనబోయాడు. పిక్కలు తగ్గుతున్నాయన్న మాట నోటిదాకా వచ్చింది కాబోలు. ఆ మొహాల ముందు బయటికి రాలేదు. స్టూలు తెచ్చుకుని ఎక్కాడు. ఉప్పుగాలికి బోల్టు తుప్పు పట్టి, చాలాసేపు పట్టింది. సాహిత్య స్టూలు పట్టుకుంది. ఆడవాళ్ళు పని మొదలుపెట్టకుండా చూస్తూ కూర్చున్నారు. కెమెరా చేతిలోకి రాగానే అతను ఎవరి వైపూ చూడకుండా దిగి, బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మీ ఫోన్లు మీరు తీసుకోండి" అన్నాడు. ఆగి, "నూకమ్మా, నేను తొందరపడ్డాను. పిల్లని రమ్మను" అన్నాడు.

"వత్తాదో రాదో దాన్నే అడగండి బాబూ. నేను పిలిత్తే రాదు."

అతను తల ఊపి, కెమెరా పట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

గేటు దగ్గరిది ఒక్కటే ఉంచి, దానికి కూడా బొమ్మ నాణ్యత తగ్గించారు, కొబ్బరి చెట్టు వైపు కదలికలు లెక్కలోకి రాకుండా చేశారు. రికార్డు అందులోని కార్డులోనే దాచుకునేలా పెట్టారు. కళావతి అత్త అలిగింది. ఆ వారం సాహిత్య మాట్లాడినంతసేపూ మేడంగారికి అంతా వినపడింది. మీ ఊరి గురించి చెప్పమంటే, మా ఊళ్ళో ఆడవాళ్ళు జీడిపప్పు పొట్టు తీస్తారండి అని మొదలుపెట్టి, ఎక్కడ ఆపాలో తెలియక తడబడింది. సీటు వస్తుందో రాదో ఇంకా తెలియదు.

రజని షెడ్డుకు రాలేదు. తిరుపతిరావు వెళ్ళి అడిగి వచ్చాడు. ఆలోచించి చెబుతానందట. సాహిత్య రోజూ మధ్యాహ్నం వెళ్ళి నూకమ్మ పక్కన కూర్చుని పొట్టు తీస్తోంది. మొదటి రోజు నూకమ్మ వద్దనలేదు, ఊఁ అనలేదు. రెండో రోజు సాహిత్య విరిచేసిన పప్పులు తన వైపు లాక్కుని, "ఇలా కాదు, బొటనవేలితో" అని చూపించింది.